తెర మీద 1.80, ఫోటోలో 2.0: ఒక పిటాట్ ట్యూబు కేసు

బెంగళూరులో సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ అంటే చాలామందికి 1967 నుంచి నడుస్తున్న నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ వారి 1.2 మీటర్ల ట్రైసోనిక్ టన్నెలే గుర్తొస్తుంది. ఈ కేసు దానిది కాదు. ఊరి శివార్లలో ఉన్న ఒక చిన్న ప్రైవేటు ల్యాబుది. పేరు చెప్పను. ట్యాంకుల్లో నింపుకున్న పొడిగాలిని పదిహేను ఇరవై సెకన్లలో ఊదేసే బ్లోడౌన్ టన్నెల్, 150 మిల్లీమీటర్ల చదరపు టెస్ట్ సెక్షన్. నాజిల్‌ను మాక్ 2 కోసం, అంటే ధ్వని వేగానికి రెట్టింపు కోసం, డిజైన్ చేశారు.

వాళ్ల ఇబ్బంది ఇది. ఖాళీ టెస్ట్ సెక్షన్ మధ్యలో పిటాట్ ట్యూబు పెట్టి కాలిబ్రేషన్ రన్ చేస్తే కంప్యూటర్ తెర మీద మాక్ 1.80 వస్తోంది. తర్వాత అదే టన్నెల్లో, అదే ప్రెషర్ దగ్గర, సగం కోణం 10 డిగ్రీలున్న వెడ్జ్ మోడల్ పెట్టి, గాలి సాంద్రతలో తేడాలు కంటికి కనిపించేలా చేసే ష్లీరన్ ఫోటో తీశారు. వెడ్జ్ కొన నుంచి లేచిన షాక్ గాలి దిశతో 39 డిగ్రీల కోణంలో ఉంది. ఆ వెడ్జ్‌కి మాక్ 2 దగ్గర రావాల్సిన కోణం 39.3. మాక్ 1.8 అయితే 44 దాకా రావాలి. అయిదు డిగ్రీల తేడా అంటే ఫోటో ప్రింటు మీద కోణమానిని పెట్టి చూసినా తెలిసిపోయేంత. ఫోటో ఒకటి చెబుతోంది, పిటాట్ ఇంకొకటి చెబుతోంది.

నేను వెళ్లేసరికి నేరం నాజిల్ కోసిన వర్క్‌షాపు మీద పడి ఉంది. "డిజైన్ 2.0, వచ్చింది 1.8, మెషినింగ్ తప్పు" అని ఒక ఉత్తరం కూడా తయారైంది. దాన్ని తేల్చడానికి గాలి వదలనక్కర్లేదు. రెండు పక్కలా చదును గోడలున్న నాజిల్ కాబట్టి, టెస్ట్ సెక్షన్ ఎత్తును నాజిల్‌లో అన్నిటికన్నా ఇరుకైన చోటైన గొంతు ఎత్తుతో భాగిస్తే వైశాల్యాల నిష్పత్తి వస్తుంది. మాక్ 2కి అది 1.6875, అంటే గొంతు ఎత్తు 89 మిల్లీమీటర్లు. మాక్ 1.8కి 1.439, అంటే 104. లోపలి కాలిపర్‌తో కొలిస్తే 89కి కాస్త అటూ ఇటూగా వచ్చింది. పదిహేను మిల్లీమీటర్లు ఎక్కువ కోసేసే వర్క్‌షాపు ఎక్కడా ఉండదు. ఉత్తరం పక్కన పెట్టించి పిటాట్ వైపు తిరిగాం.

ట్యూబు ముందు జరిగేది

పిటాట్ ట్యూబు అంటే గాలికి ఎదురుగా నోరు తెరిచిన గొట్టమే. 1732లో ఆన్రి పీటో సెన్ నదిలో నీటి వేగం కొలవడానికి ముంచింది ఇలాంటిదాన్నే. ధ్వని కంటే నెమ్మదిగా వచ్చే గాలి దీని ముందు సాఫీగా ఆగిపోతుంది, ఆగినప్పుడున్న స్టాగ్నేషన్ ప్రెషర్ మొత్తం ట్యూబుకు అందుతుంది. సూపర్‌సోనిక్ గాలి అలా ఆగలేదు. ముందు ఒక అడ్డు ఉందన్న కబురు ధ్వని వేగంతోనే ఎదురు వెళ్లాలి, గాలి అంతకన్నా వేగంగా వస్తోంది. అందుకే ట్యూబు నోటికి కొంచెం ముందు విల్లులా వంగిన షాక్ ఒకటి నిలబడుతుంది. అదే బౌ షాక్. మూడు మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి ముక్కు ముందు, మాక్ 2 దగ్గర, అది సుమారు అర మిల్లీమీటరు దూరంలో ఉంటుంది. ముఖం బల్లపరుపుగా ఉంటే ఇంకాస్త ముందుకు జరుగుతుంది. మంచి ష్లీరన్‌లో ఈ సందు కంటికి కనిపిస్తుంది.

బౌ షాక్ వంపు తిరిగి ఉన్నా మనకు ఆ వంపుతో పని లేదు. ట్యూబు నోట్లోకి చేరే గాలి నడిమి ధారలోది. ఆ ధార షాక్‌ను నిట్టనిలువుగా దాటుతుంది. కాబట్టి లెక్కకు నార్మల్ షాక్ సరిపోతుంది. పక్కలకు షాక్ ఏటవాలై బలహీనపడుతూ పోతుంది, కానీ అటు వెళ్లే గాలి ట్యూబులోకి రాదు.

ఈ టన్నెల్ అంకెలతోనే చూద్దాం. నాజిల్‌కు ముందు గాలి దాదాపు కదలకుండా ఉండే సెట్లింగ్ చాంబర్లో స్టాగ్నేషన్ ప్రెషర్ p01 = 300 కిలోపాస్కల్, అబ్సొల్యూట్. మాక్ 2కి చేరేసరికి గాలి వ్యాకోచించి స్టాటిక్ ప్రెషర్ p1 = 38.3కి పడిపోతుంది. బౌ షాక్ దాటగానే అది ఒక్కసారిగా 4.5 రెట్లై 172.5 అవుతుంది. మాక్ నంబర్ 0.577కి దిగుతుంది. అక్కడి నుంచి ఇక సబ్‌సోనిక్ గాలి, నష్టం లేకుండా ఆగుతుంది, ప్రెషర్ ఇంకో 1.2534 రెట్లు పెరుగుతుంది. చివరికి ట్యూబు చదివేది p02 = 216.3. షాక్ లేకుండా ఆగి ఉంటే 300 చదివేది. ఆ మిగతా 84 షాక్‌లో పోయింది, మళ్లీ రాదు.

1910లో లార్డ్ రేలీ రాసిన సూత్రం ఈ రెండు అడుగులనే ఒకచోట కలుపుతుంది:

```
p02/p1 = [ (γ+1)²M² / (4γM² − 2(γ−1)) ]^(γ/(γ−1)) × (1 − γ + 2γM²)/(γ+1)
```

గాలి విశిష్టోష్ణాల నిష్పత్తి γ = 1.4, మాక్ నంబర్ M = 2 వేస్తే మొదటి భాగం 1.2534, రెండో భాగం 4.5. గుణిస్తే 5.64. చూడ్డానికి భయపెట్టే సూత్రమే అయినా దీన్ని రెండు ముక్కలుగా చదివితే రెండో ముక్క షాక్ ఎగదోసిన ప్రెషర్, మొదటిది ఆ తర్వాత గాలి ఆగడం వల్ల వచ్చిన పెరుగుదల. చిక్కేమిటంటే ఇందులోంచి M ని విడిగా ఇవతలికి లాగలేం. ప్రెషర్ నిష్పత్తి చేతిలో ఉంటే M కోసం పట్టికలో వెతకాలి, లేదంటే కంప్యూటర్‌తో వెతికించాలి:

```python
from scipy.optimize import brentq

def rayleigh(M, g=1.4):
    a = ((g+1)**2*M**2/(4*g*M**2 - 2*(g-1)))**(g/(g-1))
    return a*(1 - g + 2*g*M**2)/(g+1)

M = brentq(lambda m: rayleigh(m) - p02/p1, 1.0, 6.0)
```

నిష్పత్తి 1.893 కన్నా తక్కువైతే ఈ కోడు తప్పు చూపించి ఆగిపోతుంది. అలా ఆగడమే సరైనది. ఆ కిందికి గాలి సబ్‌సోనిక్, ట్యూబు ముందు షాకే ఉండదు, రేలీ సూత్రానికి అక్కడ పని లేదు.

1.79 అనే వల

1.80 అని వినగానే ఈ పని తెలిసిన వాళ్లెవరికైనా మొదట వచ్చే అనుమానం ఒకటే, నాకూ అదే వచ్చింది. ఎవరో షాక్‌ను మరిచిపోయి, సబ్‌సోనిక్‌లో వాడే, ప్రెషర్ నష్టమేమీ లేదనుకునే ఐసెంట్రోపిక్ సూత్రంలో p02/p1 ని వేసేశారేమో అని. ఎందుకంటే నిజమైన మాక్ 2 దగ్గర వచ్చే 5.64 ని ఆ సూత్రంలో వేస్తే వచ్చే జవాబు 1.79. దాదాపు వీళ్ల అంకే. ఇక్కడితో కేసు మూసేసి, సూత్రం మార్చుకోండని చెప్పి వచ్చేయాలనిపించేంత దగ్గర.

కానీ స్క్రిప్టు తెరిచి చూస్తే అందులో రేలీ సూత్రం తప్పుల్లేకుండా ఉంది. అసలు తేడా అంతకు ముందే ఉంది. సూత్రంలోకి వెళ్తున్న నిష్పత్తి 5.64 కాదు, 4.66. దానికి రేలీ సూత్రం ఇచ్చే జవాబు నిజంగానే 1.80. అంటే లెక్క సరిగ్గా చేస్తోంది, దానికి పెడుతున్న ప్రెషర్లే తప్పు. అప్పటి నుంచి నేను ఎక్కడికి వెళ్లినా ముందు మాక్ నంబర్ అడగను, p02, p1, p01 విడివిడిగా అడుగుతాను. మాక్ నంబర్ ఒక్కటే చూస్తే రెండు వేరువేరు జబ్బులకు లక్షణం ఒకటేలా కనిపిస్తుంది.

మూడు ప్రెషర్లు, మూడు మాక్ నంబర్లు

చేతిలో మూడు ప్రెషర్లున్నప్పుడు మాక్ నంబర్‌ను మూడు దారుల్లో తీయొచ్చు. p1/p01 నుంచి ఐసెంట్రోపిక్ దారి, అందులో షాక్ ప్రసక్తి లేదు. p02/p01 నుంచి షాక్ నష్టం దారి, అందులో స్టాటిక్ ప్రెషర్‌తో పని లేదు. p02/p1 నుంచి రేలీ దారి, అందులో సెట్లింగ్ చాంబర్ లేదు. అంతా బాగుంటే మూడూ ఒకటే చెప్పాలి. బాగోకపోతే, ఏవి కలిశాయి, ఏది విడిపోయింది, ఎటువైపు విడిపోయింది అన్నదాన్ని బట్టి తప్పు ఎక్కడుందో చాలావరకు పట్టేయొచ్చు.

వీళ్ల తెర మీద అంకెలు: p01 = 310.3, p02 = 226.6, p1 = 48.64. మూడు దారులూ లెక్కేస్తే p02/p01 నుంచి 1.98, p1/p01 నుంచి 1.87, p02/p1 నుంచి 1.80. వీళ్లు ఎప్పుడూ మూడోదే చూస్తూ వచ్చారు.

ఇక అనుమానితులను ఒక్కొక్కరినే నిలబెట్టి చూద్దాం. పిటాట్ గొట్టంలో లీకు ఉందనుకుంటే, p02 బయటి ప్రెషర్ కన్నా ఎక్కువ కాబట్టి గాలి బయటికి పోయి p02 తగ్గుతుంది. అప్పుడు రేలీ దారి మాక్‌ను తక్కువ చూపిస్తుంది, p02/p01 దారి మాత్రం ఎక్కువ చూపిస్తుంది, p1/p01 సరిగ్గా ఉంటుంది. ఇక్కడ అలా లేదు. మూడూ తక్కువే చూపిస్తున్నాయి.

ట్యూబు వంకరగా బిగించారనుకుంటే, బల్లపరుపు ముఖమున్న పిటాట్ ట్యూబు పది డిగ్రీల వంకర దాకా పెద్దగా పట్టించుకోదు. ఒకవేళ పట్టించుకున్నా తగ్గేది p02, పైన చెప్పిన లీకు లాంటి నమూనాయే వస్తుంది.

స్టాటిక్ లైన్లో లీకు ఉందనుకుంటే, ఇది కాస్త గట్టి అనుమానం. p1 బయటి ప్రెషర్‌లో సగం కూడా లేదు, కాబట్టి లీకు ఉంటే గాలి లోపలికి వస్తుంది, p1 పెరుగుతుంది, రేలీ దారి, ఐసెంట్రోపిక్ దారి రెండూ తగ్గుతాయి. రేలీ దారే ఎక్కువ తగ్గుతుంది. వీళ్ల అంకెలకు చాలా దగ్గరి పోలిక. నాకంటే ముందే వాళ్లూ ఇదే అనుకుని ఫెర్యూల్స్ అన్నీ బిగించారు. చేతి వాక్యూమ్ పంపుతో లైన్‌ను లాగి వాల్వు మూస్తే సూది కదల్లేదు. p1 కొలిచే గోడ రంధ్రం అంచున బర్ కూడా లేదు. ఆ రంధ్రం పిటాట్ కొన ఉన్న చోటికి సరిగ్గా ఎదురుగా ఉంది. బౌ షాక్ దూరం పోయేకొద్దీ బలహీనపడి, మాక్ 2కి చెందిన 30 డిగ్రీల గీత వైపు వాలుతుంది. 75 మిల్లీమీటర్ల దూరంలోని గోడను అది తాకేది ట్యూబు కొనకు వంద మిల్లీమీటర్లకు పైనే వెనక. కాబట్టి బౌ షాక్ వెనక ప్రెషర్‌ను గోడ రంధ్రం చదువుతోందన్న అనుమానమూ పోయింది. రంధ్రం అంతకంటే వెనక ఉన్న టన్నెళ్లలో మాత్రం దీన్ని తప్పకుండా చూసుకోవాలి. రేలీ సూత్రంలో p1 అంటే బౌ షాక్‌కు ముందున్న గాలి ప్రెషర్.

స్టాటిక్ లైన్ వాదనలో ఇంకో చిన్న మెలిక ఉంది. తప్పు p1 ఒక్కదానిదే అయితే p02/p01 దారి కచ్చితంగా 2.00 చెప్పాలి. 1.98 చెబుతోంది. ఆ 0.02 ని "ట్రాన్స్‌డ్యూసర్ పొరపాటులే" అని వదిలేయడం తేలిక. నేను వదల్లేకపోయాను, మిగతావి ఎటు తప్పాయో ఇదీ అటే తప్పింది కాబట్టి.

చివరిది తేమ. గది ఉష్ణోగ్రతలో బయల్దేరిన గాలి మాక్ 2కి చేరేసరికి మైనస్ 106 డిగ్రీలకు చల్లబడుతుంది. డ్రయ్యర్ సరిగ్గా పనిచేయకపోతే తేమ అక్కడ చుక్కలు కడుతుంది, వేడి విడుదలవుతుంది, p1 పెరుగుతుంది, మాక్ నిజంగానే తగ్గుతుంది. కానీ నిజంగానే తగ్గితే వెడ్జ్ షాక్ కోణం కూడా మారాలి. అది మారలేదు. డ్యూ పాయింట్ మీటరు కూడా మైనస్ 40కి కిందే ఉంది.

ప్రెషర్ పెంచి చూశాం

ఇలాంటి చోట నేను చేయించే పరీక్ష ఒకటే. రెగ్యులేటర్ వాల్వు తిప్పి సెట్లింగ్ చాంబర్ ప్రెషర్ పెంచి మళ్లీ రన్ చేయడం. మాక్ నంబర్‌ను నిర్ణయించేది నాజిల్ ఆకారం. ప్రెషర్ పెంచితే గోడల దగ్గరి బౌండరీ లేయర్ కాస్త పల్చబడుతుంది, దానివల్ల వచ్చే మార్పు చాలా స్వల్పం. కాబట్టి ప్రెషర్‌తో పాటు మాక్ చెప్పుకోదగ్గంతగా మారుతుంటే మారుతున్నది గాలి కాదు, మన కొలత.

| తెర మీద | మొదటి రన్ | రెండో రన్ |
|---|---|---|
| p01 | 310.3 | 510.3 |
| p02 | 226.6 | 370.8 |
| p1 | 48.64 | 74.20 |
| p02/p01 నుంచి M | 1.98 | 1.99 |
| p1/p01 నుంచి M | 1.87 | 1.92 |
| రేలీ M | 1.80 | 1.87 |

మూడూ పైకి జరిగాయి, మూడూ 2.00 వైపే జరిగాయి, ఒకదానికొకటి దగ్గరయ్యాయి. తప్పు శాతం లెక్కలో ఉంటే ప్రెషర్ పెంచినా అంతే నిష్పత్తిలో ఉండిపోయేది. ప్రెషర్ పెరిగేకొద్దీ పలచబడుతోందంటే, ఎక్కడో ఒక స్థిరమైన అంకె అన్నిటికీ కలుస్తోందన్నమాట. 38 కి 10 కలిస్తే పెద్ద దెబ్బ, 216 కి కలిస్తే చిన్నది, 300 కి కలిస్తే ఇంకా చిన్నది. మూడు దారులు తప్పిన వరుసకూ ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ నిష్పత్తుల్ని వదిలేసి వాలు చూడాలి. p1 ఎంత పెరిగింది? 25.56. p01 ఎంత పెరిగింది? 200. భాగిస్తే 0.1278. పట్టికలో మాక్ 2.00 ఎదురుగా ఉండే p1/p01 సరిగ్గా ఇదే. స్థిరమైన తప్పు ఎంతున్నా తీసివేతలో కొట్టుకుపోతుంది కాబట్టి, ఆ తప్పేమిటో తెలియకముందే నిజమైన మాక్ చేతికొచ్చేసింది. p02 పెరుగుదలను కూడా 200తో భాగిస్తే 0.721, అదీ మాక్ 2 అంకే. ఇక ఆ తప్పు ఎంత? మొదటి రన్‌లో 48.64 లోంచి 0.1278 × 310.3 తీసేస్తే 8.98 మిగిలింది. కలిసిన అంకె p1 కీ p01 కీ రెండింటికీ కలుస్తోంది కాబట్టి దీన్ని (1 − 0.1278) తో భాగించాలి. వచ్చింది 10.3 కిలోపాస్కల్.

నేను కాగితం మీద ఆ 10.3 కింద గీత గీస్తుండగా టన్నెల్ నడిపే టెక్నీషియన్ వెనకనుంచి తెరకేసి చూపించాడు. హిందూపురం మనిషి, ఆ టన్నెల్ బిగించిన నాటి నుంచి అక్కడే ఉన్నాడు. "సార్, గాలి వదలకముందు కూడా ఇది మూడింటికీ నూటొకటి పాయింట్ మూడు చూపిస్తది. ఎప్పుడూ అంతే. మన బెంగళూరులో అంత ప్రెషర్ ఎక్కడిది సార్?"

101.3 ఎక్కడి నుంచి వచ్చింది

ట్రాన్స్‌డ్యూసర్లు మూడూ గేజ్ రకం. అవి చదివేది బయటి గాలికీ లోపలి గాలికీ ఉన్న తేడా. అబ్సొల్యూట్ ప్రెషర్ కావాలంటే బయటి ప్రెషర్‌ను మనం కలుపుకోవాలి. స్క్రిప్టులో కలిపారు:

```python
P_ATM = 101.3   # kPa
p1  = p1_gauge  + P_ATM
p02 = p02_gauge + P_ATM
p01 = p01_gauge + P_ATM
```

ఈ స్క్రిప్టు చెన్నైలోని ఇంకో ల్యాబు నుంచి వచ్చింది. అక్కడ సముద్రం పక్కనే, బయటి ప్రెషర్ 101 కి అటూ ఇటూగా ఉంటుంది, ఏ ఇబ్బందీ రాలేదు. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడి గాలి ప్రెషర్ 91 దగ్గర. నీళ్లు 97 డిగ్రీలకే మరిగేది అందుకే. ఆ రోజు ల్యాబు బారోమీటర్ 91.0 చూపించింది. 101.3 లోంచి 91.0 పోతే 10.3.

అక్కడి కుర్ర ఇంజనీరు ఒకాయన ఒప్పుకోలేదు. "సార్, వెదర్ యాప్‌లో బెంగళూరు 1012 హెక్టోపాస్కల్ అని ఉంది చూడండి, అంటే 101.2 కదా" అని ఫోను చూపించాడు. మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడే పడిపోతారు. వాతావరణ వార్తల్లో, విమానాశ్రయం చెప్పే క్యూఎన్ఎచ్‌లో ఉండేది ఆ ఊరి అసలు ప్రెషర్ కాదు. ఊళ్ల ఎత్తుల తేడా మ్యాపును చెడగొట్టకుండా, సముద్ర మట్టానికి దించి లెక్కకట్టిన అంకె. టన్నెల్ పక్కన ట్రాన్స్‌డ్యూసర్ రెండో వైపుకు తగిలే గాలికి ఆ దింపడాలేమీ తెలియవు. అదే ఫోనులో ఉన్న బారోమీటర్ సెన్సర్ రీడింగును నేరుగా చూపించే యాప్ తెరిచి చూడమన్నాను. 911 వచ్చింది. ఇక మాట్లాడలేదు.

ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదు

ఈ కేసులో నాకు బాగా ఆసక్తి కలిగించింది ఇదే. మాక్ నంబర్ పదిశాతం తప్పుగా ఉంటే మోడళ్ల మీద కొలిచిన డ్రాగ్ గుణకాలు ఎప్పుడో గోల చేసి ఉండాలి. చేయలేదు. ఎందుకంటే గుణకం కట్టడానికి బలాన్ని భాగించేది డైనమిక్ ప్రెషర్‌తో, దాని విలువ 0.7 × p1 × M². నిజమైన అంకెలతో ఇది 107.4. తప్పు p1, తప్పు M తో వేస్తే 110.0. తేడా రెండున్నర శాతమే. p1 ఎక్కువైనందుకు M తక్కువైంది, గుణించేసరికి ఒకదాన్ని ఇంకొకటి కప్పేసింది.

ఇది కాకతాళీయం కాదు. మాక్ 2 చుట్టుపక్కల పిటాట్ ప్రెషర్ డైనమిక్ ప్రెషర్‌కు దాదాపు రెండు రెట్లుగా నిలకడగా ఉంటుంది. మాక్ 2.0 దగ్గర 2.01 రెట్లు, 1.8 దగ్గర 2.06 రెట్లు. p02 లో తప్పు అయిదు శాతంలోపే ఉంది కాబట్టి, దాని వెంటే నడిచే డైనమిక్ ప్రెషర్ కూడా పెద్దగా తప్పలేదు. బలాలు కొలిచే వాళ్లకు అంతా బాగున్నట్టే కనిపించింది. షాక్ కోణం మాత్రం ప్రెషర్ల మాట వినదు, మాక్ మాటే వింటుంది. అందుకే ఫోటో పట్టించింది.

దిద్దిన తర్వాత

స్థిరాంకం తీసేసి బారోమీటర్‌ను డేటా సిస్టమ్‌లో ఒక ఛానల్‌గా కలిపాం. ప్రతి రన్‌కు ముందు గాలి వదలకుండా కొన్ని సెకన్లు రికార్డు చేసి, మూడు అబ్సొల్యూట్ ప్రెషర్లూ బారోమీటర్‌తో కలవకపోతే రన్ మొదలవకుండా తాళం పెట్టాం. తెర మీద ఒక మాక్‌కు బదులు మూడు మాక్‌లూ చూపిస్తున్నాం. దిద్దాక మొదటి రన్ అంకెలు p01 300, p02 216.3, p1 38.3. మూడు దారులూ 2.00 కి వందో వంతు తేడాలో కలిశాయి.

ఆ వందో వంతు కూడా ఎక్కడిదో చెప్పాలి. 350 కిలోపాస్కల్ పూర్తి స్కేలున్న ట్రాన్స్‌డ్యూసర్‌కు 0.1 శాతం అంటే 0.35. p02 కి అది లెక్కలోకి రాదు. 38 ఉన్న p1 కి దాదాపు ఒక శాతం, రేలీ మాక్‌లో 0.01. p1 కోసం చిన్న స్కేలున్న అబ్సొల్యూట్ ట్రాన్స్‌డ్యూసర్ కొనమని చెప్పాను. అదొక్కటీ మారిస్తే చాలు, మిగతా రెండూ అలాగే ఉంచుకోవచ్చు.

"మరి p02/p01 దారే ఇంత నిబ్బరంగా ఉంటే రేలీ ఎందుకు సార్?" అని అదే కుర్ర ఇంజనీరు అడిగాడు. p02/p01 దారికి ఒక షరతు ఉంది. సెట్లింగ్ చాంబర్లో ఉన్న స్టాగ్నేషన్ ప్రెషర్ పిటాట్ ముందుదాకా ఏమీ తగ్గకుండా రావాలి. నాజిల్ అతుకు దగ్గర చిన్న మెట్టు ఉండి షాక్ పుట్టినా, తేమ చుక్కలు కట్టినా, ట్యూబు గోడ దగ్గరి బౌండరీ లేయర్లో ఉన్నా ఆ షరతు చెడిపోతుంది. ఆ నష్టాన్ని ఈ దారి మాక్ పెరిగినట్టుగా చూపిస్తుంది. రేలీ దారి ట్యూబు ఉన్నచోటి గాలినే అడుగుతుంది, వెనక ఏం జరిగిందో దానికి అక్కర్లేదు. విమానానికైతే సెట్లింగ్ చాంబరే లేదు, పిటాట్, స్టాటిక్ తప్ప ఇంకేమీ చేతిలో ఉండవు. టన్నెల్లో రెండూ పెట్టుకుంటే, రెండూ కలవనప్పుడు దారిలో నష్టం జరిగిందని తెలుస్తుంది.

మిగిలింది పాత డేటా. అదృష్టం ఏమిటంటే స్క్రిప్టు అన్నిటికీ ఒకే 101.3 కలిపింది కాబట్టి, తీసేస్తే గేజ్ రీడింగులు చెక్కుచెదరకుండా తిరిగి వస్తాయి. ఆయా రోజుల బారోమీటర్ మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. 91.0 అని అన్నిటికీ వేసేయొచ్చా అంటే, ఉష్ణమండలంలో గాలి ప్రెషర్ రోజూ ఉదయం పది ప్రాంతంలో ఎక్కి సాయంత్రం నాలుగు ప్రాంతంలో దిగుతుంది. ఆ రెండింటి మధ్య మూడు నాలుగు హెక్టోపాస్కల్, అంటే 0.3 నుంచి 0.4 కిలోపాస్కల్ తేడా. రేలీ మాక్‌లో అది మళ్లీ 0.01 లోపే. రన్‌లు జరిగిన సమయం ఫైళ్ల పేర్లలోనే ఉంది. 91.0 తోనే తిరిగి లెక్కగట్టి, పాత రిపోర్టులన్నిటిలో మాక్ పక్కన ±0.01 అని రాయమన్నాను. రుతువులతో వచ్చే మార్పు కూడా ఉంటుంది కాబట్టి, ఖచ్చితత్వం ఎక్కువ కావాలన్న రెండు మూడు రిపోర్టులకు మాత్రం ఆ రోజుల విమానాశ్రయం క్యూఎన్ఎచ్ తెచ్చుకుని, ల్యాబు ఎత్తుకు వెనక్కి లెక్కగట్టుకోమన్నాను.